పద్నాలుగు సీ సీటాయన భోజనం: నా క్యాబిన్ క్రూ ఇంటర్వ్యూ

మాది కావలి. డిగ్రీ అయ్యాక నెల్లూరు పొగతోటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ రిసెప్షన్‌లో చేరాను. రోజూ రైల్లో పోయి రావడం, పొద్దున్నే ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వడానికొచ్చిన వాళ్ళ చేత తిట్లు తినడం, ఇదే నా ఉద్యోగం. ఈ తిట్లు తినే అనుభవమే విమానం కంపెనీ ఇంటర్వ్యూలో నాకు పనికొస్తుందని అప్పట్లో అనుకోలేదు.

క్యాబిన్ క్రూ ఇంటర్వ్యూ అంటే మా వైపు పిల్లలకి ఎక్కువగా లిప్‌స్టిక్ గురించే చెప్తారు. వీడియోలు చూసినా అంతే. ఆ సంగతి కొంచెం రాస్తాను గానీ, అసలు రాయాల్సింది ప్యానెల్ నన్ను అడిగిన ఒక ప్రశ్న గురించి. ఒక ప్రయాణికుడి ఫిర్యాదుతో మొదలుపెట్టి, నేను జవాబు చెప్పిన కొద్దీ దానికి ఇంకో మెలిక పెడుతూ పోయారు. చదివి ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి అదే ఎక్కువ పనికొస్తుంది.

ముందు అర్హతల సంగతి. మన దేశంలో చాలా ఎయిర్‌లైన్స్ ఆడపిల్లలకి కనీసం 155 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతాయి. ఇంటర్ పాసై ఉండాలి, కొత్తవాళ్ళకి వయసు మామూలుగా 27 లోపు, చేతిలో పాస్‌పోర్ట్ ఉండాలి. గల్ఫ్ కంపెనీల్లో చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో కూడా కొలుస్తారు. ఎమిరేట్స్‌కైతే మునివేళ్ళ మీద నిలబడి 212 సెంటీమీటర్లు అందుకోవాలి. ఇదేదో అందం లెక్క అనుకుంటారు గానీ కాదు. అత్యవసరంలో వాడే పరికరాలు కొన్ని సీట్ల పైనున్న అరల్లో ఉంటాయి, అవి చేతికి అందకపోతే మనిషి ఉండి లాభం లేదు.

ఇంటర్వ్యూ చెన్నైలో ఒక హోటల్లో. పొద్దున తొమ్మిదికే రిజిస్ట్రేషన్ కాబట్టి ముందురోజు సాయంత్రం బస్సెక్కి మాధవరంలో దిగి, అక్కడే ఉన్న పిన్నమ్మ వాళ్ళింట్లో పడుకున్నాను. ఆంధ్రా బస్సులు ఆగేది ఆ స్టాండులోనే కాబట్టి మనవాళ్ళకి అది సులువు.

బట్టల సంగతి కావలిలోనే తేలింది. మోకాళ్ళ దాకా ఉండే నల్ల స్కర్టు, తెల్ల షర్టు, ముందువైపు మూసి ఉన్న బూట్లు కావాలి. ఆ స్కర్టు కోసం నాలుగు షాపులు తిరిగి, చివరికి ట్రంకు రోడ్డు టైలర్‌తో కుట్టించాను. ఆయన రెండుసార్లు "ఇంకొంచెం పొడవు పెట్టమంటావామ్మా" అన్నాడు. జుట్టు పెద్ద పని. నాది నడుము దాకా ఉండే జడ. వారం ముందు నుంచే నూనె ఆపి, మా వదిన ఫ్యాన్సీ షాపులో దొరికే గుండ్రటి స్పాంజి, నెట్టు పెట్టి బన్ చుట్టడం నేర్చుకుంది. వెంట్రుక ఒక్కటి కూడా మొహం మీదికి రాకూడదు. అంతకు కొద్దిరోజుల ముందే మా మేనమామ కూతురు పెళ్ళి. నేను గోరింటాకు వద్దంటే అమ్మ ఊరుకోలేదు. "పెళ్ళింట్లో బోసి చేతులేందే, నలుగురూ ఏమనుకుంటారు?" అంది. నేను మాత్రం పెట్టించుకోలేదు. చేతుల మీద గోరింటాకు, కనబడేచోట టాటూ ఉంటే చాలాచోట్ల ఆపేస్తారని ముందే విన్నాను.

హాల్లో ఒకావిడ మమ్మల్ని ఒక్కొక్కరినీ వెలుతురున్న కిటికీ దగ్గరికి పిలిచి మొహం, చేతులు, గోళ్ళు, పళ్ళు చూసింది. నా ఎడమ ముంజేతి మీద చిన్నప్పుడు నూనె చింది పడిన మచ్చ ఉంది. ఎంత పొడవో స్కేలుతో కొలిచి కాగితంలో రాసుకుంది, అంతే, ఏమీ అనలేదు. మేకప్ వేసి దాచిన అమ్మాయిని మాత్రం కడుక్కుని రమ్మంది. కాబట్టి మచ్చ ఉంటే ఉన్నట్టు చూపించడమే మంచిది. తర్వాత ఎత్తు, బరువు. ఆ తర్వాత విమానంలో చేసే ప్రకటన ఒకటి కాగితం మీద ఇచ్చి చదవమన్నారు. మన తెలుగువాళ్ళం మాట చివర ఉకారం చేరుస్తాం కదా, 'సీటు', 'బెల్టు' అని. అది ఇంగ్లీషు చదివేటప్పుడూ వస్తుంది. నేను ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసుకుని వింటూ ఆ అలవాటు తగ్గించుకున్నాను గానీ పూర్తిగా పోలేదు. వాళ్ళకీ యాసతో పెద్ద పేచీ లేదనిపించింది. వెనక వరసకి వినబడుతుందా, పరిగెత్తకుండా చదువుతోందా, ఇదే చూస్తున్నారు.

ఇక్కడే చాలామంది ఆగిపోయారు. మిగిలిన వాళ్ళని గుంపులుగా చేసి గ్రూప్ టాస్క్ పెట్టారు.

మాకిచ్చింది ఇది. విమానం రద్దయింది, హోటల్లో ఐదు గదులే ఉన్నాయి, గది కావాల్సిన వాళ్ళు పది మంది. నిండు గర్భిణి, వృద్ధ దంపతులు, పొద్దున ఆపరేషన్ చేయాల్సిన సర్జన్, పసిబిడ్డతో ఒంటరిగా వస్తున్న తల్లి, కొత్తగా పెళ్ళయిన జంట, ఒక సినిమా నటుడు, తెల్లారి విమానం నడపాల్సిన పైలట్, ఒక పెద్ద వ్యాపారి. ఐదు నిమిషాల్లో అందరూ ఒక మాట మీదికి రావాలి. ప్యానెల్ వాళ్ళు గోడ వారన నిలబడి రాసుకుంటారు.

దీనికి సరైన జవాబంటూ లేదు. మా గుంపులో చెన్నై అబ్బాయి ఒకడు మొదటి నిమిషంలోనే అన్నీ తేల్చేశాడు. కందుకూరు అమ్మాయి ఒకతి అసలు నోరు తెరవలేదు. నేను టైమ్ చూస్తూ, రెండు నిమిషాలు మిగిలుండగా ఆ అమ్మాయిని "మీరేమంటారు?" అని అడిగాను. ఆమె చాలా నెమ్మదిగా, "పైలట్‌కి గది ఇవ్వకపోతే రేపు ఈ పది మందీ ఎట్లా పోతారు?" అంది. అప్పటిదాకా మేమెవరం పైలట్‌ని లెక్కలోకే తీసుకోలేదు. పైలట్ గానీ క్యాబిన్ క్రూ గానీ రూలు ప్రకారం విశ్రాంతి తీసుకోకుండా డ్యూటీ ఎక్కకూడదు. చెన్నై అబ్బాయి కూడా వెంటనే ఒప్పుకుని జాబితా మార్చాడు.

టాస్క్ అయ్యాక ప్యానెల్ ఆవిడ మమ్మల్నందర్నీ ఒకటే ప్రశ్న అడిగింది. "మీ గుంపు నిర్ణయంలో మీకు నచ్చనిదేంటి?" ఇంకో అమ్మాయి, బాగా చదువుకున్నది, మంచి ఇంగ్లీషు, "పసిబిడ్డ తల్లికి ఇవ్వాలని నేను మొదటినుంచీ చెప్తున్నా, వీళ్ళే వినలేదు" అంది. తర్వాతి రౌండ్ జాబితాలో ఆమె పేరు లేదు. కారణాలు ఎవరికీ చెప్పరు కాబట్టి ఇది నా అంచనా మాత్రమే. అయితే నోరు పెద్దదిగా ఉన్న చెన్నై అబ్బాయి పేరు ఉంది, కందుకూరు అమ్మాయి పేరూ ఉంది. గట్టిగా మాట్లాడినందుకో, మెల్లగా మాట్లాడినందుకో ఎవరినీ తీసెయ్యలేదని దాన్ని బట్టి అర్థమైంది. అందరూ కలిసి ఒప్పుకున్న నిర్ణయాన్ని బయటివాళ్ళ ముందు 'వాళ్ళది' అనడమే ఆమెకు అడ్డొచ్చిందని నా నమ్మకం. విమానంలో కూడా ప్రయాణికుడి ముందు "మా సీనియర్ వద్దంది సార్, నేనేం చెయ్యను" అంటే ఎట్లా ఉంటుందో చూడండి.

మధ్యాహ్నం దాటాక ఇంటర్వ్యూ. ప్యానెల్లో ఇద్దరు. ఒకావిడ రిక్రూట్‌మెంట్ నుంచి, ఒకాయన చాలా ఏళ్ళు ఎగిరి ఇప్పుడు శిక్షణ ఇస్తున్న మనిషి. అంతా ఇంగ్లీషులోనే జరిగింది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఊరు, ఇల్లు, ఉద్యోగం అయ్యాక ఆయన మొదలుపెట్టాడు. "చెన్నై నుంచి ఢిల్లీ. విమానం నిండా ఉంది. 14సీలో యాభై దాటిన ఆయన టికెట్‌తో పాటే డయాబెటిక్ భోజనం బుక్ చేసుకున్నాడు. అది విమానంలోకి ఎక్కలేదు. ఆయన అరుస్తున్నాడు. నువ్వేం చేస్తావ్?"

నేను సిద్ధం చేసుకున్న జవాబే చెప్పాను. ముందు ఆయన మాట పూర్తిగా వింటాను, పేరుతో పిలిచి క్షమాపణ చెప్తాను, ఆ విమానంలో క్రూకి పెద్దగా ఉండే లీడ్ దగ్గరున్న స్పెషల్ మీల్ జాబితా చూసి ఆయన పేరు ఉందో లేదో తేల్చుకుంటాను అని. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "చెప్పడం కాదు, చేసి చూపించు" అని పక్కన కుర్చీలో కూర్చుని నిజంగానే అరవడం మొదలుపెట్టాడు.

నేను నిలబడి మాట్లాడబోయి ఆగాను. కూర్చున్న మనిషి మీద నిలబడి మాట్లాడితే కోపం ఇంకా పెరుగుతుంది, కౌంటర్ దగ్గర రోజూ చూసేదే. మోకాళ్ళు రెండూ దగ్గరపెట్టి పక్కకు వాలి, ఆయన కళ్ళకి సమంగా కూర్చున్నాను. స్కర్టు వేసుకున్నప్పుడు ఇట్లా కూర్చోవడం ఇంట్లో సాధన చెయ్యకపోతే పడిపోతాం, చెప్తున్నా. "సారీ సార్, మీరు ముందే బుక్ చేసుకున్న భోజనం మా దగ్గర లేదు" అన్నాను. అప్పుడు ఆవిడ అడిగింది, "నువ్వు నవ్వడం లేదేం? మీకందరికీ నవ్వమనే కదా నేర్పుతారు?" క్షమాపణ చెప్పేటప్పుడు నవ్వితే ఎదుటివాళ్ళకి వెక్కిరించినట్టు ఉంటుందని చెప్పాను. ఆవిడ ఏదో రాసుకుంది. నాకంటే ముందు వెళ్ళొచ్చిన ఒకమ్మాయి బయట నాతో అంది, "నవ్వు ఆపి మాట్లాడు" అని తనని రెండుసార్లు అన్నారట.

ఆయన మళ్ళీ అందుకున్నాడు. "ఎవడి తప్పు ఇది? నా డబ్బులు ఎవడిస్తాడు?" ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. క్యాటరింగ్ వాళ్ళు ఎక్కించలేదు సార్ అంటే మొదటిదాంట్లో పడతాం. ప్రయాణికుడికి కంపెనీ అంతా ఒకటే, మనలో మనం ఒకరి మీద ఒకరు తోసుకోవడం ఆయనకి అనవసరం. రెండోది, "డబ్బులు వెనక్కి ఇప్పిస్తా సార్" అనడం. అది క్రూ చేతిలో లేదు. ఇవ్వలేని మాట ఇస్తే ఢిల్లీలో దిగాక ఇంకో గొడవ. నేను, "డబ్బు వాపసు నేను నిర్ణయించలేను సార్. భోజనం అందలేదని ఈ ఫ్లైట్ రిపోర్టులో రాయిస్తాను, ఎక్కడ అడగాలో దిగేముందు కాగితం మీద రాసిస్తాను. ఇప్పుడు తినడానికి నా దగ్గర ఉప్మా కప్పు ఉంది, ఉప్పు వెయ్యని జీడిపప్పు ఉంది, ఏది ఇమ్మంటారు?" అన్నాను. ఏం కావాలని ఊరికే అడిగితే ఆయన మళ్ళీ ఆ లేని భోజనమే అడుగుతాడు. ఉన్నవాటిలో రెండు చూపిస్తే మాట ముందుకు పోతుంది.

"రెండూ వద్దు" అన్నాడు. అరుపు తగ్గలేదు. నుదురు తుడుచుకుంటున్నట్టు చేశాడు. నిజంగా చెమట పట్టిందో నటించాడో తెలియదు గానీ, నాకు మా సెంటర్ గుర్తొచ్చింది.

పరగడుపు షుగర్ పరీక్షకి వచ్చేవాళ్ళలో కొందరు రక్తం ఇవ్వకముందే అలవాటుకొద్దీ మాత్ర వేసుకుని వస్తారు. క్యూ పెరిగితే తిండి లేట్ అవుతుంది. ఒకసారి ఒక రిటైర్డ్ మాస్టారు బిల్లులో యాభై రూపాయల తేడా కోసం నా మీద విరుచుకుపడ్డారు. ఎంతో నెమ్మదైన మనిషని వాళ్ళ ఊరివాళ్ళే చెప్తారు. ఏసీ గదిలో చొక్కా తడిసిపోయింది, వేళ్ళు వణుకుతున్నాయి. నేను బిల్లు చూపిస్తూ వాదిస్తుంటే మా టెక్నీషియన్ అన్న వచ్చి వేలు గుచ్చి చూశాడు. షుగర్ బాగా పడిపోయి ఉంది. 70 కన్నా కిందికి పోతే తక్కువ కింద లెక్క. గ్లూకోజ్ నీళ్ళు తాగి కాసేపయ్యాక మాస్టారే సిగ్గుపడి, "ఏమన్నానో కూడా గుర్తులేదు తల్లీ" అన్నారు. షుగర్ పడిపోయినప్పుడు చెమట, వణుకు, తికమకతో పాటు విపరీతమైన చిరాకు కూడా వస్తుంది. కోపం కూడా ఒక లక్షణమే.

అందుకని ప్యానెల్లో ఆయన్ని అడిగాను. "సార్, ఇన్సులిన్ గానీ మాత్ర గానీ వేసుకున్నారా? ఎంతసేపైంది?"

ఆయన నటన ఆపేశాడు. "ఎందుకడిగావ్ ఇది?" మాస్టారి సంగతి క్లుప్తంగా చెప్పాను. అప్పుడు ఆయన కథ మార్చాడు. "సరే. భోజనం వస్తుందనే ధీమాతో గేటు దగ్గరే ఇన్సులిన్ వేసుకున్నాడు. గంట దాటింది. ఇప్పుడు చెప్పు."

ఇక ఇది భోజనం ఫిర్యాదు కాదు. ఆయన్ని ఒంటరిగా వదలను, దగ్గరున్న సహోద్యోగిని పిలిచి జ్యూస్ తెమ్మంటాను, లీడ్‌కి చెప్పమంటాను అన్నాను. వెంటనే ఆవిడ, "షుగర్ ఉన్న మనిషికి జ్యూస్ ఇస్తావా? చదువుకున్నదానివేనా?" అంది. చూడటానికి తప్పు పట్టినట్టే ఉంటుంది గానీ, నువ్వు చెప్పిన మాట మీద నిలబడతావా లేదా అని చూడటమే. షుగర్ పడిపోయి, మనిషి తెలివిగా ఉండి, మింగగలిగితే వెంటనే ఇవ్వాల్సింది చక్కెరే. మామూలు జ్యూస్ ఒక చిన్న గ్లాసు, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు. డైట్ డ్రింకు ఇస్తే లాభం లేదు, అందులో చక్కెర ఉండదు. పదిహేను నిమిషాలాగి తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. కుదుటపడ్డాక ఉప్మా లాంటిది ఏదైనా తినిపించాలి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది. ఆయన సంచిలో షుగర్ చూసుకునే మిషన్ ఉంటే ఆయన్నే చూసుకోమంటాను. మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పొయ్యను, ఊపిరి గొట్టంలోకి పోతుంది. అప్పుడు విమానంలో డాక్టర్ ఉన్నారేమో మైకులో అడగమని లీడ్‌ని కోరతాను. ఇదంతా అట్లాగే చెప్పాను.

ఇంకా వదల్లేదు. "నువ్వు జ్యూస్ పట్టుకుని వెళ్తున్నావు. విమానం ఒక్కసారిగా గట్టిగా ఊగుతోంది. క్రూ అంతా కూర్చోమని కెప్టెన్ చెప్పాడు. 14సీకి ఇంకా నాలుగు వరసలు ఉంది." ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేదు. మనసు మాత్రం పరిగెత్తి ఇచ్చేసి రా అంటోంది. చివరికి, కూర్చుంటాను అన్నాను. దగ్గర్లో ఖాళీ సీటు ఏదుంటే అందులో, లేకపోతే నడవాలో కిందనే కూర్చుని సీటు కాళ్ళు పట్టుకుంటాను, జ్యూస్ డబ్బాని వరసల మీదుగా చేతులు మార్చి ఆయన పక్కవాళ్ళకి అందేలా చూస్తాను అని. "ఆయనకేమైనా అయితే?" అంటే, "నా తల పగిలితే ఆయనకీ నేనుండను, మిగతావాళ్ళకీ ఉండను" అన్నాను. మన దేశంలో 50 సీట్లకి ఒకరు చొప్పున క్రూ ఉండాలని లెక్క. 180 సీట్ల విమానంలో ఉండేది నలుగురు. అందులో ఒకరు పడిపోతే విమానం ఖాళీ చేయించాల్సి వచ్చినప్పుడు ఒక తలుపు దగ్గర మనిషి తగ్గుతారు. ఆయన తలాడించలేదు, అడ్డమూ చెప్పలేదు.

తర్వాత టీమ్ ప్రశ్న, ఇదే కథలోంచి. "నీ సహోద్యోగి లీడ్‌కి చెప్పింది. లీడ్, 'ముందు సర్వీసు పూర్తి చెయ్యండి, అలాంటివాళ్ళు రోజూ ఉంటారు' అంది. నువ్వేం చేస్తావ్?"

ఇక్కడ చాలామంది "సీనియర్ మాట వింటాను" అనో, "నేరుగా కెప్టెన్‌కి చెప్తాను" అనో అంటారట. నాకు అనిపించింది, లీడ్‌కి అందిన మాటే సరిగ్గా లేదేమో అని. '14సీలో ఒకాయన గొడవ చేస్తున్నాడు' అని అందితే ఏ లీడ్ అయినా అట్లాగే అంటుంది. అందుకని సహోద్యోగిని ఆయన దగ్గర ఉంచి, నేనే క్రూ మాట్లాడుకునే ఇంటర్‌ఫోన్ దగ్గరికి వెళ్ళి, "14సీ, షుగర్ పేషెంట్, గంట క్రితం ఇన్సులిన్ వేసుకున్నారు, ఏమీ తినలేదు, చెమటలు పడుతున్నాయి, మాట తడబడుతోంది. ఆయన్ని ఒంటరిగా వదల్లేం. మీరు రావాలి, ఫస్ట్ ఎయిడ్ కిట్ కావాలి" అని చెప్తానన్నాను. మా సెంటర్లో డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇంతే. "పేషెంట్ ఒకలా ఉన్నాడు సార్" అంటే రారు, అంకె చెప్తే వస్తారు.

"అయినా రాలేదనుకో?" మనిషి ఇంకా దిగజారుతుంటే అది అత్యవసరం, అప్పుడు ఎవరైనా కాక్‌పిట్‌కి ఫోన్ చెయ్యొచ్చు, చేస్తాను అన్నాను. అంతా అయ్యాక లీడ్‌తో విమానంలో వంటగది లాంటి గ్యాలీలో, కర్టెన్ వేసుకుని మాట్లాడతాను గానీ నడవాలో నిలబడి కాదు అని కూడా చేర్చాను. ఆవిడ అప్పుడు మొదటిసారి కొంచెం నవ్వింది.

ఆఖరి మెలిక ఒకటి. "ఇన్సులిన్ లేదు, జబ్బు లేదు. ఊరికే బూతులు తిడుతున్నాడు, పక్కనున్న వాడు వీడియో తీస్తున్నాడు." ఫోన్ జోలికి పోను, దాన్ని లాక్కుంటే ఆ వీడియోలో హీరో ఆ తిట్టేవాడే అవుతాడు అన్నాను. ఆయనతో ఒక హద్దు చెప్తాను, "మీకు సాయం చేస్తాను, ఈ మాటలు మాత్రం వద్దు" అని. వినకపోతే లీడ్, ఆ తర్వాత కెప్టెన్. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన నాకు గుర్తుంది. నోటితో చేసే దురుసుతనం మొదటి స్థాయి, మూడు నెలల దాకా విమానం ఎక్కనివ్వకపోవచ్చు. చెయ్యి చేసుకుంటే రెండో స్థాయి, ఆరు నెలల దాకా. ప్రాణాల మీదికి తెచ్చేది మూడో స్థాయి, రెండేళ్ళు, అంతకు మించి కూడా. "అయితే అది చెప్పి బెదిరిస్తావా?" అన్నాడు. లేదు, నిర్ణయించేది కంపెనీ కమిటీ, నేను కాదు. నా పని ఏం జరిగిందో, ఏ మాట అన్నాడో, ఎవరు చూశారో ఉన్నదున్నట్టు రాసివ్వడం. తిట్టిన మాటని 'దురుసుగా మాట్లాడాడు' అని కాకుండా అన్న మాట అన్నట్టే రాయాలని ఆయనే అప్పుడు చెప్పాడు. ఇంటర్వ్యూ మొత్తంలో ఆయన నాకు నేర్పిన మాట అదొక్కటే.

బయటికొచ్చాక చూసుకుంటే బన్‌లోంచి రెండు పిన్నులు జారి ఉన్నాయి. అద్దాల ముందు నిలబడి టచప్ చేసుకుంటున్న వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఒంగోలు నుంచి, ఏదో ఇన్‌స్టిట్యూట్‌కి బోలెడు ఫీజు కట్టి వచ్చింది. వాళ్ళిచ్చిన ప్రశ్నల పుస్తకం చూపించింది. భోజనం అందలేదన్న ప్రశ్న అందులోనూ ఉంది. జవాబు నాలుగు లైన్లు: వినాలి, క్షమాపణ చెప్పాలి, ప్రత్యామ్నాయం ఇవ్వాలి, నవ్వుతూ థాంక్స్ చెప్పాలి. ఆ అమ్మాయిని ఏమడిగారో తర్వాత అడిగితే, అదే ప్రశ్న అట, కాకపోతే తనకి 14సీలో ఉన్నది జీడిపప్పు పడని చిన్నపిల్ల, పక్క సీటాయన అప్పటికే జీడిపప్పు డబ్బా తెరిచాడట. ఎవరికి ఏ కథ ఇచ్చినా లోపల ఒక ప్రమాదం పెట్టే ఇస్తున్నారని అప్పుడు అర్థమైంది మాకిద్దరికీ.

ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది. మెడికల్‌లో కళ్ళు, చెవులు, ఈసీజీ, రక్తం, మూత్రం అన్నీ చూశారు. హిమోగ్లోబిన్ తక్కువుందని పెంచుకుని మళ్ళీ రమ్మన్నారు, ఇది ఆడపిల్లల్లో చాలామందికి తగిలే అడ్డంకేనట. కాబట్టి వెళ్ళేముందే ఒకసారి రక్తం చూపించుకోండి. నేను ప్రస్తుతం ఐరన్ మాత్రలు వేసుకుంటూ, మా టెక్నీషియన్ అన్న చేత పదిహేను రోజులకోసారి చూపించుకుంటున్నాను. రెండో మెడికల్ తేదీ వచ్చే నెల.